చూరు నీటికి గట్టరు లెక్క

పెంకుటింటికి గట్టరు పెట్టించుకుందామని హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్తే, అక్కడ అడిగే మొదటి మాట "చూరు ఎన్ని అడుగులుంటుందండీ?" అని. నలభై అడుగులంటే నలభై అడుగుల గట్టరు, చివర దించడానికి ఒక పైపు, రెండు ఎల్బోలు కట్టి పంపేస్తారు. అలా బిగించిన గట్టరు మామూలు చినుకులకు ఏ ఇబ్బందీ పెట్టదు. వాయుగుండం పట్టి కుండపోత మొదలైనప్పుడే సంగతి బయటపడుతుంది. నీరు గట్టరు అంచు దాటి గోడ మీదకి దూకుతుంది, అరుగు తడుస్తుంది, పునాది పక్కన మట్టి కోసుకుపోతుంది. గట్టరు పొడవు సరిగ్గానే ఉంది. లోపం పొడవులో లేదు.

చూరు పొడవు మనకు ఎంత గట్టరు కొనాలో మాత్రమే చెబుతుంది. ఆ గట్టరులోకి ఎంత నీరు వచ్చి పడుతుందో చెప్పేది కప్పు విస్తీర్ణం. పైపులు ఎన్ని కావాలో తేలేది దాన్నిబట్టే. ఇక గట్టరు ఎంత వెడల్పుండాలన్నది, ఆ పైపుల్ని చూరు వెంట ఎక్కడెక్కడ దించుతామన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఈ మూడో సంగతిని అడిగేవాళ్లు తక్కువ. ఖర్చు పెరిగేదీ తగ్గేదీ మాత్రం అక్కడే.

ఒక ఇంటిని తీసుకుని లెక్క వేసి చూద్దాం. కోనసీమలో కనిపించే మామూలు పెంకుటిల్లు. మధ్యలో కొప్పు, ముందుకొక వాలు, వెనక్కొక వాలు, పైన మంగుళూరు పెంకులు. ముందు చూరు పొడవు 12 మీటర్లు, అంటే దాదాపు నలభై అడుగులు. వెనక చూరూ అంతే. చూరు అంచు నుంచి కొప్పు కిందికి నేల మీద కొలిస్తే 4 మీటర్లు. చూరు కన్నా కొప్పు 2.3 మీటర్ల ఎత్తులో ఉంది. వాలు సుమారు 30 డిగ్రీలన్న మాట.

విస్తీర్ణం కొలిచే దగ్గరే చాలామంది తడబడతారు. నిచ్చెన వేసుకుని పైకెక్కి పెంకుల వెంట టేపు లాగితే 4 మీటర్లకు బదులు 4.6 మీటర్లు వస్తుంది. నిలువుగా పడే వానకు ఆ కొలతతో పని లేదు. పెంకులు ఎంత వాలుగా ఉన్నా, కప్పు నేల మీద ఎంత చోటును కప్పుతుందో అంత వానే దాని మీద పడుతుంది. కాబట్టి 12 ఇంటూ 4, ముందు వాలుకు 48 చదరపు మీటర్లు. ఏడాది మొత్తానికి కప్పు మీద నుంచి ఎంత నీరు పట్టుకోవచ్చో లెక్కేయాలంటే ఈ అంకె చాలు.

గట్టరుకు అది చాలదు. పెద్ద వాన మన తీరంలో నిలువుగా పడదు. గాలితో కలిసి ఏటవాలుగా వచ్చి, గాలికి ఎదురుగా ఉన్న వాలును గట్టిగా కొడుతుంది. అప్పుడు ఆ వాలు తన వంతు కన్నా ఎక్కువ నీరు పట్టుకుంటుంది. దీనికి ఇంజనీర్లు వాడే పద్ధతి తేలికే: కొప్పు ఎత్తులో సగాన్ని అడ్డం కొలతకు కలపాలి. 2.3 మీటర్లలో సగం 1.15. దాన్ని 4కు కలిపితే 5.15. దాన్ని 12తో గుణిస్తే దాదాపు 62 చదరపు మీటర్లు. గాలి ఏ వైపు నుంచి వస్తుందో ముందే తెలియదు కనుక వెనక వాలుకూ ఇదే అంకె వేసుకోవాలి.

ఇప్పుడు వాన సంగతి. పేపర్లో వచ్చే వర్షపాతం గట్టరు లెక్కకు పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే అది రోజు మొత్తానికి కలిపిన లెక్క. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన 24 గంటల్లో దాదాపు 240 మిల్లీమీటర్లు. సగటు తీస్తే గంటకు 10 మిల్లీమీటర్లే. ఆ సగటును నమ్మి గట్టరు కొంటే ఏ వానకూ ఆగదు. వాన అలా సమంగా పంచుకుని పడదు కదా. కాసేపు దంచుతుంది, కాసేపు తెరిపినిస్తుంది. గట్టరు పొర్లేది ఆ దంచే పది నిమిషాల్లోనే. అందుకే గంటకు 100 మిల్లీమీటర్ల వేగంతో పడుతుందనుకుని లెక్క వేయడం మన దగ్గర వాడుక. వాతావరణ శాఖ క్లౌడ్ బరస్ట్ అనేదీ గంటలో 100 మిల్లీమీటర్లు కురిస్తేనే. గంట పొడుగునా అంత వాన కురవడం అరుదు. అదే వేగంతో ఓ ఐదు పది నిమిషాలు కురవడం మాత్రం ప్రతి వానాకాలమూ చూసేదే.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతాదంతా నోటి లెక్కే. 62 చదరపు మీటర్ల మీద గంటకు 100 మిల్లీమీటర్లంటే గంటకు 6,200 లీటర్లు, నిమిషానికి 103 లీటర్లు, సెకనుకు 1.7 లీటర్లు. ఇది ఒక్క ముందు చూరు మీద నుంచి దిగే నీరు.

ఈ నీటిని దించడానికి ఎన్ని పైపులు కావాలి? ఏ సైజు పైపు ఎంత కప్పు నీటిని మోయగలదో చెప్పే పట్టిక ఒకటి మన దేశంలో భవన నిర్మాణ పనుల్లో వాడుకలో ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల వాన దగ్గర చూస్తే, 100 మిల్లీమీటర్ల పైపు, అంటే నాలుగంగుళాలది, 42.7 చదరపు మీటర్ల కప్పును మోస్తుంది. మూడంగుళాల పైపు 20.4 మోస్తుంది. రెండంగుళాలది 6.6 మాత్రమే. మన 62 చదరపు మీటర్లకు నాలుగంగుళాల పైపు ఒకటి చాలదు, రెండు కావాలి. మూడంగుళాలవైతే మూడు పెట్టినా చివరి చుక్క మిగిలిపోతుంది, నాలుగు పెట్టాలి. ఇంట్లో ట్యాంకు పనికి మిగిలిపోయిందని రెండంగుళాల పైపు బిగించే ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ చూరుకు అలాంటివి పది కావాలి. రెండంగుళాల పైపులు రెండు కలిస్తే ఒక నాలుగంగుళాల పైపుకు సమానమని అనుకుంటారు. నిజానికి ఆరు కలిసినా సమానం కావు. పైపు సన్నబడే కొద్దీ లోపలి గోడల రాపిడి వాటా పెరుగుతుంది, నీటితో పాటు లోపలికి లాక్కునే గాలికీ చోటు చాలదు. ఒక్క ఎండుటాకు అడ్డం పడితే ఇక చెప్పనక్కర్లేదు.

రెండు పైపులని తేలింది. వాటిని ఎక్కడ పెట్టాలి? అర్ధచంద్రాకారపు గట్టరు, ఏ వాలూ లేకుండా సమంగా పెట్టినా, అంచు దాటకుండా ఎంత నీరు మోస్తుందో యూరప్ ప్రమాణాల్లో ఒక సూత్రం ఉంది. దాని ప్రకారం 100 మిల్లీమీటర్ల గట్టరు సెకనుకు 0.78 లీటర్లు, 125ది సుమారు 1.35, 150ది 2.1 లీటర్లు మోస్తాయి. వెడల్పు ఒకటిన్నర రెట్లు పెరిగితే మోసే నీరు రెండున్నర రెట్లు దాటిందని గమనించండి.

ఇప్పుడు మన చూరు మీద పైపులను అటూ ఇటూ జరిపి చూద్దాం. నీరంతా ఒకే చివరికి వచ్చేలా పెడితే, ఆ చివర గట్టరులో సెకనుకు 1.7 లీటర్లు పారాలి. 125 గట్టరు అక్కడ పొర్లిపోతుంది, 150 కావాలి. అదీగాక ఒకే చోటికి చేరిన నీటిని ఒక పైపు దించలేదని ముందే చూశాం. రెండు పైపులను రెండు చివర్లలో పెట్టి, గట్టరు మధ్యభాగాన్ని ఎత్తు చేస్తే నీరు సగం సగం విడిపోతుంది. ఒక్కో వైపు 0.86 లీటర్లు. 100 గట్టరు దీనికి కొద్దిలో చాలదు, 125 సరిపోతుంది. అవే రెండు పైపులను చివరల నుంచి లోపలికి, 3 మీటర్ల దూరానికి ఒక్కొక్కటి జరిపితే, ఒక్కో పైపుకు రెండు వైపుల నుంచీ నీరు వస్తుంది. అంటే చూరు నాలుగు ముక్కలైంది, ఒక్కో ముక్కలో పారేది 0.43 లీటర్లే. ఇప్పుడు 100 గట్టరే హాయిగా సరిపోతుంది. వాన గంటకు 150 మిల్లీమీటర్ల వేగంతో కురిసినా అది తట్టుకుంటుంది.

పైపుల సంఖ్య పెరగలేదు, గట్టరు పొడవు మారలేదు. పైపు జరిగిన చోటును బట్టి గట్టరు సైజు మారిపోయింది. అయితే చివరల నుంచి మూడేసి మీటర్లు లోపలికంటే ముందు అరుగు స్తంభాల మధ్యకు, వాకిలికి ఎదురుగా పైపు దిగుతుంది. అది ఇంటివాళ్లకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు. అందుకే మనవాళ్లు పైపులను మూలలకే దించుతారు. అలా దించదలచుకుంటే గట్టరును పెద్దది తీసుకోవడమే మార్గం. ఆరంగుళాల పీవీసీ పైపును నిలువునా రెండుగా కోయిస్తే 150 మిల్లీమీటర్ల గట్టరు తయారవుతుంది, ఊళ్లోనే దొరుకుతుంది. 150 మిల్లీమీటర్ల వేగపు వాన పడ్డా ఒక్కో వైపు 1.3 లీటర్లే కనుక ఆ గట్టరుకు ఇంకా చోటు మిగులుతుంది. అంత వానలో కింది పైపులు మాత్రం అంచున ఉంటాయి. తుఫాను తాకే ఊళ్లలో ఉన్నవాళ్లు ఆ ఒక్క కారణానికి మూడో పైపు పెట్టించుకుంటే మంచిది.

మండువా లోగిలి ఉన్నవాళ్లకు ఈ లెక్క ఇంకొంచెం గట్టిగా పనికొస్తుంది. అక్కడ నాలుగు వాలులూ లోపలికి దిగుతాయి. లోగిలి 4 మీటర్ల చదరం, చుట్టూ కప్పు 4 మీటర్ల చొప్పున ఉందనుకుంటే, ఒక్కో లోపలి చూరు పొడవు 4 మీటర్లే. దాని వెనకున్న కప్పు మాత్రం 32 చదరపు మీటర్లు. మన రెండు వాలుల ఇంట్లో చూరు మీటరుకు 4 చదరపు మీటర్ల కప్పు ఉంటే, ఇక్కడ 8. అందులోనూ సగం నీరు చూరు పొడుగునా పడదు. రెండు వాలులు కలిసే మూల వెంట జారి, ఒకే బిందువు దగ్గర కుమ్మరిస్తుంది. అందుకే మండువాలో పైపును మూలకు ఆనించి పెట్టాలి. చూరు మధ్యలో పెడితే మూల దగ్గర గట్టరు ఎంత పెద్దదైనా నీరు దాని మీంచి దూకేస్తుంది.

మళ్లీ మన ఇంటికి వద్దాం, కొనే పొడవులు చూద్దాం. 12 మీటర్ల చూరుకు 12 మీటర్ల గట్టరు కొంటే తక్కువ పడుతుంది. రెండు చివర్లలో చివరి పెంకు దాటి రెండేసి అంగుళాలు రావాలి, లేకపోతే పక్కకు చెదిరిన నీరు గోడ మూలను తడుపుతుంది. అది 10 సెంటీమీటర్లు. మధ్యలో రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి ఆరంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు. మొత్తం 12.25 మీటర్లు. ఆరు మీటర్ల పైపును కోస్తే 12 మీటర్ల గట్టరే వస్తుంది. కాబట్టి ముందు వెనక చూరులకు ఆరు మీటర్ల పైపులు రెండు, వాటికి తోడు మూడు మీటర్లది ఒకటి తీసుకోవాలి. ఆ మూడు మీటర్ల పైపును కోస్తే వచ్చే రెండు ముక్కల్లో చెరొకటి చెరో చూరుకు అతుకు వేయడానికి పనికొస్తుంది.

అతుకుల దగ్గర ఒక జాగ్రత్త. పీవీసీ ఎండకు సాగుతుంది. మాఘమాసపు తెల్లవారుజామున బిగించిన ఆరు మీటర్ల ముక్క, రోహిణి కార్తె ఎండలో ఒక సెంటీమీటరుకు పైగానే పొడుగవుతుంది. రెండు చివరలనూ కదలకుండా సొల్యూషన్ పూసి అతికించేస్తే అది సాగేందుకు దారిలేక మధ్యలో వంగుతుంది, లేదా చివరి మూత చిట్లుతుంది. ఒక చివర బిగించి, అతుకు దగ్గర జరిగే వీలు వదలాలి. పైభాగపు ముక్క ఎప్పుడూ దిగువ ముక్క లోపలికి పడేలా పెడితే, అతుకు కొంచెం వదులైనా నీరు కారదు.

బ్రాకెట్లు రెండడుగులకు ఒకటి. ఒక్క చూరుకు 21 పడతాయి. కోసిన పైపు అంచులు కాస్త లోపలికి ముడుచుకుంటాయి, బ్రాకెట్లు దూరమైతే నోరు సన్నబడిన గట్టరే మిగులుతుంది. అతుకు పక్కనా అవుట్‌లెట్ పక్కనా ఒక్కోటి అదనంగా వేయించండి.

కిందికి దిగే పైపు పొడవు కూడా ఎత్తుతో తేలదు. గట్టరు అడుగు నేలకు 2.7 మీటర్ల ఎత్తులో ఉంది, పైపు నేలకు జానెడు పైన ఆగుతుంది. ఎత్తు లెక్కన 2.5 మీటర్లు. కాని గట్టరు చూరు అంచున వేలాడుతుంది, గోడ దానికి రెండడుగులు లోపల ఉంటుంది. పైపు ముందు గోడ దాకా రావాలి, తరవాతే దిగాలి. ఏటవాలు బెండ్లు రెండు వాడి గోడ మీదకి తెస్తే ఆ ముక్క 85 సెంటీమీటర్లు, ఆ మేరకు 60 సెంటీమీటర్లు కిందికీ దిగుతుంది. మిగిలింది 1.9 మీటర్లు. మొత్తం 2.75. మూడు మీటర్ల పైపు ఒకటి సరిపోతుంది, నాలుగు పైపులకు నాలుగు. అదే మూలమట్టపు ఎల్బోలు పెడితే 60 సెంటీమీటర్లు అడ్డంగా, 2.5 మీటర్లు నిలువుగా, మొత్తం 3.1 అవుతుంది. మూడు మీటర్ల పైపు చాలక, పది సెంటీమీటర్ల కోసం ఇంకో పైపు కొనాలి. డబ్బు సంగతి అలా ఉంచితే, అడ్డంగా పడుకున్న ఆ రెండడుగుల ముక్కలోనే కొబ్బరి పూతా మామిడాకులూ పేరుకుంటాయి. ఏటవాలు బెండ్లే వాడించండి.

ఇక బిగించే దగ్గర. గట్టరుకు మీటరుకు అర సెంటీమీటరు వాలు చాలు, ఆరు మీటర్లకు 3 సెంటీమీటర్లు. నీళ్ల ట్యూబుతో మట్టం చూసి రెండు చివరల బ్రాకెట్లు ముందు బిగించి, వాటి మధ్య దారం లాగి మిగతావి బిగించాలి. నీరు తొందరగా పారాలని వాలు ఎక్కువ పెడితే, దిగువ చివర గట్టరు చూరుకు దూరమైపోతుంది, పెంకు మీంచి జారిన నీరు దాన్ని అందుకోకుండానే అవతల పడుతుంది. పెంకు కొస గట్టరు నోటిలోకి రెండంగుళాలు వచ్చి ఆగాలి. గట్టరు బయటి అంచు గోడ వైపు అంచు కన్నా వేలు మందం కిందికి ఉండాలి. లెక్కకు మించిన వాన పడ్డ రోజున పొర్లే నీరు అప్పుడు వాకిట్లో పడుతుంది, గోడలోకి ఎక్కదు.

ఇప్పటికే గట్టరున్నవాళ్లు మార్పించే ముందు ఒక పెద్ద వానలో దాన్ని నిలబడి చూడాలి. పొర్లే చోటును బట్టి కారణం తెలుస్తుంది. పైపు దిగే చోట పొర్లుతుంటే ముందు అవుట్‌లెట్‌లో చెత్త తీయాలి. చింతచెట్టు పక్కనున్న ఇళ్లలో జాలీ పెట్టినా సన్నటి ఆకు దూరిపోయి బెండు దగ్గర ముద్ద కడుతుంది. చెత్త తీశాక కూడా పొర్లితే పైపు సన్నదన్న మాట, గట్టరును మార్చి లాభం లేదు. పైపుకు దూరంగా, నడుమ ఎక్కడో పొర్లుతూ పైపులో నీరు సగమే దిగుతుంటే బ్రాకెట్ జారి గట్టరు కుంగింది. వాన వెలిశాక అక్కడ నీరు నిలిచి ఉంటుంది, దారం కట్టి చూస్తే కుంగు కనిపిస్తుంది. ఇంకో రకం ఉంది. గట్టరు సగం ఖాళీగా ఉంటుంది, నీరు మాత్రం దాని ముందు నుంచి పరదాలా దిగుతుంది. రేకుల షెడ్లలో ఇది ఎక్కువ, నున్నటి రేకు మీద నీరు వేగం పుంజుకుని గట్టరు మీంచి దూకుతుంది. అక్కడ పెద్ద గట్టరు కొనాల్సిన పని లేదు. రేకు కొస గట్టరు లోపలికి ఎక్కువ వస్తే బ్రాకెట్లను బయటికి జరపాలి, అందకుండా ఉంటే దగ్గరికి తేవాలి. అప్పటికీ దూకుతుంటే రేకు అంచు కింద నాలుగంగుళాల రేకు పట్టీని గట్టరులోకి వంచి బిగిస్తే నీరు దాని వెంట జారి లోపలే పడుతుంది.